చదివింపుల డబ్బు: కారుకా, చీటీకా, ఎఫ్‌డీలకా?

చిన్నా,

చదివింపులు మూడు లక్షలు వచ్చాయనీ, వాటితో కారుకి డౌన్ పేమెంట్ కట్టేద్దామనుకుంటున్నాననీ నిన్న ఫోన్లో అన్నావు. సంక్రాంతికి అత్తారింటి ముందు కారులో దిగాలన్న ముచ్చట నాకు అర్థమైంది. కానీ ఆ డబ్బు ఎక్కడ పెడితే మంచిదో ఒకసారి లెక్క వేసుకుందాం.

మీ ఇద్దరి నెల ఖర్చు నువ్వు చెప్పిందే: అద్దె ఇరవై వేలు, సరుకులూ పాలూ గ్యాసూ పదకొండు వేలు, కరెంటూ ఫోన్లూ మూడు వేలు, ఆఫీసులకి తిరగడానికి నాలుగు వేలు, మందులూ ఇన్సూరెన్సూ కలిపి ఏడు వేలు. మొత్తం 45,000. ఆర్నెల్లు జీతం రాకపోయినా గడవాలంటే 2,70,000 కావాలి. అంటే మీ అత్యవసర నిధి ఇప్పటికే చేతిలో ఉన్నట్టే.

పది లక్షల కారుకి మూడు లక్షలు కట్టి, మిగతా ఏడు లక్షలు తొమ్మిది శాతానికి ఐదేళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ సుమారు 14,500. పెట్రోలు, పార్కింగ్, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో ఆరున్నర వేలు వేసుకో. నెలకి 66,000 అవుతుంది. ఇప్పుడు ఆర్నెల్లకి దాదాపు నాలుగు లక్షలు ఉండాలి, చేతిలో మాత్రం ఒక్క రూపాయి ఉండదు. ఈఎంఐ ఒక్కటే చూసేవాళ్లు ఈ సంగతి గమనించరు: కారు ఉన్న నిధిని మింగడమే కాదు, కావలసిన నిధిని పెంచుతుంది కూడా. పండక్కి మూడు రోజులు కారు అద్దెకి తీసుకో. ఎవరన్నా అడిగితే అద్దెకారనే చెప్పు.

ఇక మీ పెదనాన్న చీటీ వెయ్యమంటున్నారటగా. చీటీ పొదుపుకి పనికొస్తుందేమో గానీ అత్యవసరానికి కాదు. పాట నెలకొకసారే. కావలసిన నెలలో నీకంటే అవసరం ఉన్నవాడు ఎక్కువకి పాడితే అది వాడికే వెళ్తుంది. నువ్వే పాడుకున్నా పాటలో వదులుకున్న మొత్తమూ కమీషనూ పోగా మిగిలింది చేతికి రావాలంటే జామీనుదార్లని, వాళ్ల జీతం స్లిప్పులనీ తెచ్చి చూపించాలి. ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి జామీను సంతకాల కోసం ఎవరికి ఫోన్ చేస్తావు?

బంగారం తాకట్టు పెడితే డబ్బు త్వరగానే వస్తుంది, కాదనను. అమ్మితే మాత్రం మజూరీ, తరుగు, జీఎస్టీ తిరిగి రావు. అయినా ఆ నగలు అమ్మాయివి. వాటిని నీ నిధిలో లెక్కేసుకోవడం నాకు నచ్చదు. క్రెడిట్ కార్డు ఆ రాత్రికి పనికొస్తుంది, కానీ బిల్లు గడువుకి పూర్తిగా కట్టేంత డబ్బు పక్కన ఉన్నవాళ్లకే.

అందుకే నా ఓటు ఎఫ్‌డీలకి. అయితే ఒకటే పెద్దది వెయ్యకు. 45,000 చొప్పున ఐదు వెయ్యి, అంటే ఒక్కోటి ఒక నెల ఖర్చు. ఇంకో 45,000 సేవింగ్స్‌లో ఉంచు. నలభై వేలు అవసరమైతే ఒక్కటే తీస్తావు, మిగతా నాలుగూ కదలవు. గడువుకి ముందు తీస్తే మామూలుగా వడ్డీలో అర నుంచి ఒక శాతం కోస్తారు. అసలుకి ఢోకా ఉండదు. పన్ను మినహాయింపు ఎఫ్‌డీ అని చెబితే వద్దను, అది ఐదేళ్లదాకా తియ్యనివ్వరు.

ముఖ్యమైనది పేర్ల సంగతి. జబ్బు చేసింది నీకే అనుకో, ఎఫ్‌డీలన్నీ నీ యాప్‌లోనే ఉంటే అమ్మాయి ఏం చెయ్యగలదు? జాయింట్‌గా వేస్తే సరిపోతుందనుకుంటారు. కానీ ‘ఇద్దరిలో ఎవరైనా’ అని రాసినా, గడువుకి ముందు తియ్యాలంటే చాలా బ్యాంకుల్లో ఇద్దరి సంతకాలూ అడుగుతారు. కాబట్టి మూడు నీ పేరున, రెండు అమ్మాయి పేరున విడివిడిగా వేసి, ఒకరికొకరు నామినీ పెట్టుకోండి. నామినీ అనేది మనిషి పోయాకే, బతికుండగా డబ్బు తీసే అధికారం కాదు. సేవింగ్స్ ఖాతా మాత్రం జాయింట్‌గా, ఎవరైనా తీసుకునేలా ఉండాలి. ఏటీఎం కార్డు ఇద్దరికీ ఉండాలి.

మిగిలిన ముప్పై వేలతో అమ్మాయి అడిగిన వాషింగ్ మెషీన్ కొనండి. అది డాబు కాదు, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో అవసరం.

మీ నాన్నకి కారు మీద మనసు ఉంది, ఆయనతో నేను మాట్లాడతాను. అమ్మాయి ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒకేలా ఉందో లేదో బ్యాంకుకి వెళ్లేముందే చూసుకోండి. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులుండవు.

అమ్మ