సెప్స్ట్రమ్‌తో ఆరేళ్లు: పిచ్ శిఖరమా, గోడ ప్రతిధ్వనా?

మాట్లాడే గొంతు పిచ్‌ను లెక్కగట్టడానికి ఆరేళ్లుగా నేను సెప్స్ట్రమ్‌నే వాడుతున్నాను. దీన్ని 1963లో బోగర్ట్, హీలీ, ట్యూకీ ప్రతిపాదించింది ప్రతిధ్వనులను పట్టుకోవడానికి. గొంతు పిచ్‌కు వాడటం ఆ తర్వాత వచ్చింది. స్పెక్ట్రమ్ అనే పేరులోని మొదటి అక్షరాలను తిరగేసి వాళ్లు ఈ పేరు పెట్టారు. అదే వరసలో ఇక్కడి అడ్డు అక్షాన్ని క్వెఫ్రెన్సీ అంటారు గానీ, అది కొలిచేది కాలాన్నే.

నా పద్ధతి చిన్నది. సెకనుకు 16,000 శాంపిళ్ల రికార్డింగులో 40 మిల్లీసెకన్ల ముక్కను, అంటే 640 శాంపిళ్లను, తీసుకుని ఇలా లెక్కిస్తాను:

```python
x = frame * np.hamming(640)
S = np.abs(np.fft.rfft(x, 2048))
c = np.fft.irfft(np.log(S + 1e-3 * S.max()))
k = 40 + np.argmax(c[40:201])
f0 = 16000 / k
```

నాదం ఉన్న ధ్వని స్పెక్ట్రమ్‌లో, నోటి ఆకారం గీసే నెమ్మదైన వంపును, సమాన దూరాల్లో నిలిచే హార్మోనిక్‌ల దువ్వెన పళ్లు గుణిస్తూ ఉంటాయి. లాగ్ తీసుకోగానే ఆ గుణకారం కూడికగా మారుతుంది. దానికి మళ్లీ ఫోరియర్ పరివర్తన చేస్తే వంపు సున్నా దగ్గర పోగుపడి, దువ్వెన మాత్రం దూరంగా ఒక శిఖరమై నిలుస్తుంది. 125 హెర్ట్జ్ గొంతుకు ఆ శిఖరం 8 మిల్లీసెకన్ల దగ్గర, అంటే 128వ శాంపిల్ వద్ద వస్తుంది.

చిక్కంతా ఎక్కడంటే, ప్రతిధ్వని కూడా స్పెక్ట్రమ్‌లో అలాంటి దువ్వెననే గీస్తుంది. నేను ఒక గదిలో ఒక పురుషుని చేత పాఠం చదివించి రికార్డు చేశాను. ఆయన పిచ్ 110 నుంచి 140 హెర్ట్జ్ మధ్య తిరుగుతుంది. అయితే మాట చివర గొంతు సన్నగిల్లిన చోటల్లా నా గ్రాఫ్ ఒక్కసారిగా 190కి ఎగిరి, స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా సాగేది. గొంతు అంత తిన్నగా ఉండదు కాబట్టి అనుమానం వచ్చింది. "స" పలికిన ఫ్రేములను విడిగా చూశాను. సకారానికి నాదం లేదు, దువ్వెన ఉండకూడదు. అయినా 84వ శాంపిల్ దగ్గర చిన్న శిఖరం ఉంది. అప్పుడు టేపు తీసుకుని కొలిస్తే, మైకు వెనక గోడ 90 సెంటీమీటర్ల దూరంలో ఉంది. గోడకు వెళ్లి తిరిగి రావడానికి ధ్వని 1.8 మీటర్లు అదనంగా నడవాలి. సెకనుకు 343 మీటర్ల వేగంతో అది సుమారు 5.25 మిల్లీసెకన్లు, సరిగ్గా 84 శాంపిళ్లు. 16,000ను 84తో భాగిస్తే 190.

అప్పటి నుంచి కొత్త గదిలో మొదట నేను చేసే పని, ఒక నిమిషం మాటలోని ఫ్రేములన్నిటి సెప్స్ట్రమ్‌లకు సగటు తీయడం. పిచ్ కదులుతూ ఉంటుంది కనుక సగటులో దాని శిఖరం పరుచుకుపోయి మెత్తబడుతుంది. గోడ కదలదు కనుక దాని శిఖరం నిటారుగా మిగులుతుంది. ప్రతిధ్వని బలం మూల ధ్వనిలో a వంతయితే, శిఖరం ఎత్తు సిద్ధాంతం ప్రకారం a/2. విండో వల్ల వాస్తవంలో కొంత తగ్గుతుంది. రెట్టింపు దూరంలో తలకిందులైన చిన్న శిఖరం కూడా ఉంటే, అది ప్రతిధ్వనే అని నమ్మకం గట్టిపడుతుంది.

నివారణకు లెక్కలు మార్చనక్కర లేకపోయింది. ఆయన మైకుకు ఒక మీటరు దూరంలో ఉన్నప్పుడు, గోడ ధ్వనిని పూర్తిగా తిప్పికొట్టినా నేరుగా వచ్చే ధ్వనిలో అది 2.8వ వంతు. ఆయనను 30 సెంటీమీటర్లకు జరిపితే ఏడో వంతు. శిఖరం 84 దగ్గరే ఉంది గానీ, పిచ్‌ను మింగేంత ఎత్తు లేదు. గోడకు ఒక బొంత కూడా వేలాడదీశాం. పక్కింటివాళ్లు విచిత్రంగా చూసినా ఫలితం బాగుంది.

పై కోడ్‌లో `1e-3` అన్నది అలంకారం కాదు. సెకనుకు 8,000 శాంపిళ్ల ఫోన్ రికార్డింగును 16,000కు పెంచి ఇస్తే 4 కిలోహెర్ట్జ్ పైన స్పెక్ట్రమ్ ఖాళీ. శూన్యానికి దగ్గరి సంఖ్య లాగ్ పాతాళంలోకి పడి, ఆ ఖాళీలోని గణన దోషాలే పెత్తనం చేస్తాయి. అత్యధిక విలువకు 60 డెసిబెల్‌ల దిగువన నేల వేస్తే ఆ బెడద పోతుంది. అయినా దువ్వెన సగం స్పెక్ట్రమ్‌లోనే ఉంటుంది కాబట్టి పిచ్ శిఖరం దాదాపు సగానికి తగ్గుతుంది. అటువంటి ఫైలును పెంచకుండా 8,000 వద్దే లెక్కించడం మేలు.

హార్మోనిక్‌లు దాదాపు లేని ఈల వంటి ధ్వనులకు మాత్రం దీన్ని వాడను. ఒక్క పన్నుతో దువ్వెన కాదు గదా. ఫ్యాన్ హోరు ఉన్న గదిలో కూడా ఆటోకోరిలేషన్‌కే నా ఓటు, ఎందుకంటే లాగ్ పళ్ల మధ్య సందుల్లోని హోరును కూడా పళ్లతో సమానంగా లెక్కలోకి తెస్తుంది.