సన్నబడిన ధమనిలో పీడనం ఎటు పోతుంది: బెర్నౌలీ లెక్క, పాయిజోయ్ లెక్క

3 మి.మీ. వ్యాసం ఉన్న గుండె ధమని ఒక సెంటీమీటరు పొడవున 1.5 మి.మీ.కు కుంచించుకుపోయిందనుకుందాం. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది. అదే రక్తం ఆ ఇరుకులోంచి వెళ్లాలి కనుక వేగం సెకనుకు 20 సెం.మీ. నుంచి 80కి పెరుగుతుంది. ఇది సాంతత్య నియమం.

వేగం పెరిగితే పీడనం తగ్గుతుందనే బెర్నౌలీ సూత్రం ప్రకారం ఆ వేగం కోసం దాదాపు 2.4 మి.మీ. పాదరస పీడనం ఖర్చవుతుంది. గొట్టంలో ఘర్షణ వల్ల పోయే పీడనాన్ని లెక్కగట్టే పాయిజోయ్ సూత్రం ప్రకారం, నిరోధం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కనుక 16 రెట్లవుతుంది. ఘర్షణకు పోయే పీడనం 0.2 నుంచి 3 మి.మీ.కు చేరుతుంది. విశ్రాంతిలో రెండూ ఇంచుమించు సమానమే, రోగికి ఏమీ తెలియదు.

మెట్లెక్కేటప్పుడు ప్రవాహం మూడింతలైతే అసలు తేడా బయటపడుతుంది. పాయిజోయ్ నష్టం మూడింతలై 9 మి.మీ. అవుతుంది. బెర్నౌలీ తగ్గుదల వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తొమ్మిదింతలై, 21 దాటుతుంది. అడ్డంకి పొడవు రెట్టింపైతే మాత్రం పాయిజోయ్ నష్టమే రెట్టింపవుతుంది.

ఘర్షణకు పోయిన పీడనం తిరిగిరాదు. బెర్నౌలీ పీడనం సిద్ధాంతం ప్రకారం తిరిగి రావాలి. కానీ ఇరుకు దాటగానే రక్తం ధారలా చిమ్మి సుడులు తిరుగుతుంది, ఆ పీడనంలో చాలా భాగం అక్కడే పోతుంది. అందుకే తీవ్రమైన అడ్డంకికి నేను బెర్నౌలీ తగ్గుదలకే ఎక్కువ బరువిస్తాను. పైగా పాయిజోయ్ సూత్రం పొడవాటి గొట్టంలో కుదురుకున్న, నిలకడైన ప్రవాహానిది. పొట్టి ఇరుకులో అది నష్టాన్ని తక్కువ చేసి చూపుతుంది.

వైద్యులు తరచూ రక్తనాళాలను వెడల్పు చేసే అడినోసిన్ మందు ఇచ్చి, ప్రవాహం పెంచి, అడ్డంకి తర్వాతి పీడనానికీ ముందరి పీడనానికీ ఉన్న నిష్పత్తి కొలుస్తారు. అది 0.80 లేదా అంతకు తక్కువైతే ఆ అడ్డంకి రక్తసరఫరాను దెబ్బతీస్తోందని భావిస్తారు.