1:1½:3 మేలా, 1:2:4 మేలా, లేక మందమే తగ్గిస్తే మేలా? ఒకే స్లాబుకు మూడు లెక్కలు

స్లాబు కాంక్రీటును 1:1½:3గా, అంటే ఒక పాలు సిమెంటు, పాలున్నర ఇసుక, మూడు పాళ్ల కంకరగా కలపాలనుకున్నాక ఖర్చు చేయి దాటుతోందనిపించగానే రెండు సలహాలు వినిపిస్తాయి. సిమెంటు పాలు తగ్గించి 1:2:4 కలపమని ఒకరంటారు. పాలు అలాగే ఉంచి, 5 అంగుళాల మందాన్ని 4కు దించమని ఇంకొకరంటారు. కాగితం మీద రెండూ డబ్బు మిగిల్చేవే. ఎంత మిగులుతుందో, అందుకు బదులు ఏం పోతుందో ఒకే స్లాబు మీద పక్కపక్కన లెక్క వేసి చూద్దాం.

స్లాబు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. వెడల్పుకు సరిగ్గా మధ్యలో, పొడవునా ఒక బీము ఉంది. అంటే స్లాబు 10 అడుగుల చొప్పున రెండు అంకణాలు దాటుతుంది. బీముల కాంక్రీటు, ఇనుము ఈ లెక్కలో లేవు, వాటిని విడిగా వేసుకోవాలి.

ధరలు ఊరికో రకం, నెలకో రకం. అందుకని 50 కిలోల సిమెంటు బస్తా ధరను 100 అనుకుని, మిగతావి దానితో పోల్చి పెట్టాను: ఘనపుటడుగు ఇసుక 15, ఘనపుటడుగు కంకర 10, కిలో ఇనుము 18. మీ దగ్గరి ధరలు వీటి స్థానంలో వేసుకుంటే చాలు, లెక్క నడిచే దారి మారదు.

ముందు 5 అంగుళాలు, 1:1½:3

600 చదరపు అడుగులను 5 అంగుళాల మందంతో, అంటే 5/12 అడుగుతో హెచ్చిస్తే 250 ఘనపుటడుగులు. ఇది పోసి గట్టిపడిన కాంక్రీటు. చాలామంది ఈ 250నే పాళ్లతో భాగించి సరుకు తెప్పిస్తారు, స్లాబు మూడింట రెండొంతులు అయ్యేసరికి సిమెంటు అయిపోతుంది. పొడి సరుకులో కంకర రాళ్ల మధ్య ఖాళీలుంటాయి. నీళ్లు పోసి కలపగానే ఇసుక ఆ ఖాళీల్లోకి, సిమెంటు ఇసుక సందుల్లోకి దిగి మొత్తం కుంచించుకుపోతుంది. అందుకే పొడి సరుకు 1.54 రెట్లు కావాలి: 250 × 1.54 = 385 ఘనపుటడుగులు.

పాళ్లు 1 + 1.5 + 3 కలిపితే 5.5. ఒక పాలు 385 ÷ 5.5 = 70 ఘనపుటడుగులు. బస్తా సిమెంటు సుమారు 1.226 ఘనపుటడుగులు, అంటే 35 లీటర్లు. కాబట్టి 57.1 బస్తాల సిమెంటు, 105 ఘనపుటడుగుల ఇసుక, 210 ఘనపుటడుగుల కంకర. కాంక్రీటు సరుకు 9,385.

ఇనుము కూడా లెక్కలోకి రావాలి, లేకపోతే పోలిక తప్పుతుంది. మెయిన్ రాడ్లు 8 మి.మీ.వి 6 అంగుళాలకొకటి: 20 అడుగుల రాడ్లు 61, బరువు 147 కిలోలు. అడ్డ రాడ్లు 8 మి.మీ.వే 8 అంగుళాలకొకటి: 30 అడుగులవి 31, బరువు 112 కిలోలు. అతుకులకు, వంపులకు, బీము మీద పైరాడ్లకు ఇంకో ఐదోవంతు కలిపితే 310 కిలోలు. దాని ఖర్చు 5,580.

మిగతా రెండూ పక్కన పెడితే

| | 5 అం., 1:1½:3 | 5 అం., 1:2:4 | 4 అం., 1:1½:3 |
|---|---|---|---|
| కాంక్రీటు (ఘ.అ.) | 250 | 250 | 200 |
| సిమెంటు (బస్తాలు) | 57.1 | 44.9 | 45.7 |
| ఇసుక (ఘ.అ.) | 105 | 110 | 84 |
| కంకర (ఘ.అ.) | 210 | 220 | 168 |
| ఇనుము (కిలోలు) | 310 | 310 | 345 |
| సరుకు ఖర్చు | 14,965 | 13,920 | 13,720 |

ఇందులో ఒక సంగతి చూడండి. పాలు తగ్గించినా, మందం తగ్గించినా సిమెంటు దాదాపు ఒకటే: 45, 46 బస్తాలు. అంటే మీ ముందున్న అసలు ప్రశ్న ఇది: పది పన్నెండు బస్తాలు మిగల్చాలంటే స్లాబును పలచని సిమెంటుతో లావుగా పోయాలా, చిక్కని సిమెంటుతో సన్నగా పోయాలా?

1:2:4లో మిగిలేది 12 బస్తాల ధర కాదని గమనించండి. ఇసుక 5, కంకర 10 ఘనపుటడుగులు పెరిగి కొంత తినేస్తాయి. చివరికి మిగిలేది 1,045, సరుకు ఖర్చులో 7 శాతం. సెంట్రింగు, కూలీ విస్తీర్ణాన్ని బట్టి ఉంటాయి కనుక పాళ్లు మారినా అవి తగ్గవు. వాటిని కూడా కలిపితే ఈ 7 శాతం ఇంకా చిన్నదవుతుంది.

1:2:4తో పోయేదేమిటి

మర్నాడే కూలిపోతుందని భయపెట్టేవాళ్లున్నారు. అది నిజం కాదు. వంగే స్లాబులో లాగుడును మోసేది ఇనుము. కాంక్రీటు బలం కొంత తగ్గినా మోసే బరువు వెంటనే సగమైపోదు. దెబ్బ ఇంకోచోట ఉంది, అది నీళ్లలో.

20 మి.మీ. కంకరతో వేసిన కాంక్రీటు సెంట్రింగు మీద జారి రాడ్ల కిందికి వెళ్లాలంటే ఘనమీటరుకు దాదాపు 186 లీటర్ల నీళ్లు కావాలి. సిమెంటు ఎంత వేసినా ఈ అవసరం పెద్దగా మారదు. 1:1½:3లో అది బస్తాకు 23 లీటర్లు అవుతుంది, సిమెంటు బరువులో 0.46 వంతు. అవే నీళ్లు 1:2:4లో బస్తాకు 29 లీటర్లు, 0.59 వంతు. మేస్త్రీ ఎంత నిజాయితీగా కలిపినా ఈ తేడా తప్పదు. సిమెంటుకు అక్కర్లేని నీరు ఆరిపోయి సన్నని రంధ్రాలను వదిలి వెళ్తుంది. ఆ రంధ్రాల దారిన వాననీరు, గాలిలోని కార్బన్ డయాక్సైడు రాడ్ల దాకా చేరతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కింది పొరను తోసేస్తుంది. ముందు రాడ్ల వెంట గోధుమరంగు గీతలు, తర్వాత సుత్తితో తడితే డొల్ల చప్పుడు, ఆ తర్వాత పెచ్చులూడటం. మరమ్మతు మొదలెట్టాక మిగిలిన ఆ 7 శాతం ఎక్కడికీ చాలదు.

1:2:4 పనికిరానిదని కాదు. ఇనుము లేని చోట, అంటే నేల మీద పరిచే బెడ్డుకు, అది సరైన పాలే. రాడ్లున్న కప్పుకు మాత్రం కాదు.

4 అంగుళాలతో పోయేదేమిటి

ఇక్కడ కాంక్రీటు మీద మిగిలేది 1,875. కానీ రాడ్ల కింద వాటిని కప్పి ఉంచే 20 మి.మీ. కాంక్రీటు కవరు, రాడ్డు సగం మందం తీసేస్తే 5 అంగుళాల స్లాబులో పనిచేసే లోతు 103 మి.మీ., 4 అంగుళాలదానిలో 78 మాత్రమే. సొంత బరువు తగ్గినా లోతు అంతకంటే ఎక్కువ తగ్గింది, కాబట్టి మెయిన్ రాడ్లు 6 అంగుళాలకు బదులు 5 అంగుళాలకొకటి కట్టాలి. 35 కిలోల ఇనుము పెరిగి 630 వెనక్కి లాగేస్తుంది. ఆ ఇనుము వేయకుండా మందం ఒక్కటే తగ్గిస్తే అది పొదుపు కాదు, స్లాబును నిజంగా బలహీనపరచడమే.

ఇనుము పెంచినా తీరని ఇబ్బంది వంపు. వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది: 4/5ను మూడుసార్లు హెచ్చిస్తే 0.51. మోసే మొత్తం బరువు పదోవంతు తగ్గిందని లెక్కేసినా, స్లాబు మధ్యలో దిగే దిగుడు 1.76 రెట్లవుతుంది. 10 అడుగుల అంకణానికి 4 అంగుళాలు ఇందుకే చాలవు. పై నీళ్లు వాలు వైపు పోకుండా నట్టనడుమ మడుగు కడతాయి, కింద ప్లాస్టరు వెంట్రుకవాసి చీలుతుంది. 7, ఏడున్నర అడుగుల లోపు అంకణమైతే మాట వేరు. వరండాకో, స్నానాలగదికో 4 అంగుళాలు దర్జాగా చాలు. అక్కడ 5 పోయడమే దండగ.

సన్నని స్లాబు పొరపాట్లను కూడా తక్కువ ఓర్చుకుంటుంది. మధ్య బీము మీది పైరాడ్లను పోసేవాళ్లు కాళ్లతో తొక్కి ఒక సెంటీమీటరు కిందికి దింపారనుకోండి. 5 అంగుళాలకు పదోవంతు లోతు పోతుంది, 4 అంగుళాలకు ఎనిమిదోవంతు. బీము వెంట స్లాబు పైన నిలువునా ఒక పగులు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఆ రాడ్లనే. వాటి కింద రాడ్డు వంచి చేసిన ఇనుప కుర్చీలు పెట్టి, మీద నడవడానికి పలకలు పరిచితే ఈ బాధే ఉండదు.

అయితే ఏది మేలు?

10 అడుగుల అంకణానికి 5 అంగుళాలు, 1:1½:3. ఇందులో రాజీ వద్దు. డబ్బు కారిపోయేది ఇంకోచోట, అది సెంట్రింగు మట్టంలో. పలకలు అక్కడక్కడా దిగి సగటున అర అంగుళం మందం పెరిగితే 25 ఘనపుటడుగుల కాంక్రీటు, దాదాపు 6 బస్తాలు అదనంగా పడతాయి. ఖర్చు 940. 1:2:4తో మిగిల్చాలనుకున్న 1,045కు ఇంచుమించు అంతే! పోసే ముందు గుంజల కింద గట్టిగా ఉందో లేదో చూసి, దారం లాగి నాలుగైదు చోట్ల మట్టం కొలిస్తే చాలు.

రెండో కారుడు ఇసుక. కాస్త తడిసిన ఇసుక ఉబ్బి ఐదోవంతు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పరిమాణం లెక్కన కొంటే 105 ఘనపుటడుగుల పొడి ఇసుకకు 126 కావాలి. కలిపేటప్పుడు కూడా అంతే, ఉబ్బిన ఇసుకను అదే పెట్టెతో కొలిస్తే పాలు తగ్గిపోతుంది. తట్టల లెక్క నమ్మకండి, ఒక్కో తట్ట ఒక్కోలా నిండుతుంది. 30 × 30 × 39 సెం.మీ. లోపలి కొలతలతో ఒక చెక్క పెట్టె చేయిస్తే అది 35 లీటర్లు, సరిగ్గా బస్తా సిమెంటు పరిమాణం. బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల కంకర.

పోసే రోజు ఖాళీ బస్తాలను ఒకచోట పేర్చమనండి. సగం స్లాబు నిండేసరికి 28, 29 ఉండాలి. 33 కనిపిస్తే మందం పెరిగినట్టు, వెంటనే గుచ్చి కొలిచి చూడండి. 22, 23 దగ్గరే ఉంటే సంతోషించకండి. మందం సరిగ్గా ఉండి బస్తాలు తగ్గాయంటే, మిక్సరు దగ్గర ఎవరో 1:2:4 కలుపుతున్నారు.