రెండు రూపాలకూ ఎర్రగీత రాకపోతే: నిఘంటువు గుర్తులతో చాలాకాలం పనిచేశాక నా మాట

విశాఖలో డాబా గార్డెన్స్ వైపు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. స్కూళ్ల వార్షికోత్సవ సావనీర్లు, పెళ్లి కార్డులు, దేవస్థానాల కరపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు, ఇవే నా పని. లిబ్రేఆఫీస్‌లో తెలుగు స్పెల్‌చెకర్ పెట్టుకుని, పక్కనే ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచి పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను కాబట్టి ఈ రెండిటినీ కలిపే సమీక్ష రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఉపయోగం లేదు. స్పెల్‌చెకర్ ఆగిపోయిన చోటే నిఘంటువు పని మొదలవుతుంది.

ముందు స్పెల్‌చెకర్ సంగతి. అది చూసేది ఒక్కటే, ఈ పదం తన జాబితాలో ఉందా, లేదా జాబితాలో ఉన్న పదానికి ప్రత్యయం చేర్చితే వచ్చేదేనా అని. చుట్టూ ఉన్న వాక్యం దానికి పట్టదు. అందుకే మన భాషలో రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది: నిక్షేపంలాంటి సమాసాలకు ఎర్రగీత పెడుతుంది, తప్పు చోట వాడిన పదం జాబితాలో ఉంటే మాత్రం నోరెత్తదు. మొదటిది విసుగు పుట్టిస్తుందంతే. రెండోదే ప్రమాదం, ఎందుకంటే గీత లేకపోతే సరైనదే అనుకుని మన కన్ను ముందుకు జారిపోతుంది.

నా టేబుల్ మీదకి అన్నిటికన్నా ఎక్కువ వచ్చే జంట ప్రదానం, ప్రధానం. ప్రతి సంవత్సరం స్కూలు ఫంక్షన్ల సీజన్ రాగానే మొదలవుతుంది. మొన్నామధ్య డీటీపీ చేసే అబ్బాయి "అక్కా, బహుమతి ప్రదానమా, ప్రధానమా? రెండిటికీ ఎర్రగీత రావట్లేదు, ఏది ఉంచమంటావు?" అని అడిగాడు. స్కూలువాళ్లు చేతిరాతలో ఇచ్చిన కాపీలో "బహుమతి ప్రధానోత్సవం" అని ఉంది. ఇలాంటిచోట నేను ఏం చేస్తానో పూర్తిగా చెప్తాను, మిగతా జంటలకీ దారి ఇదే.

మొదట పదాన్ని నిఘంటువుకి తెలిసిన రూపంలోకి మార్చుకోవాలి. ప్రదానోత్సవం అని కొడితే దొరక్కపోవచ్చు, అది సమాసం. విడగొట్టి, సున్నా తీసి ము పెట్టి, ప్రదానము అని ఒకసారి, ప్రధానము అని ఒకసారి వెతకాలి. క్రియ అయితే మూలరూపం కొట్టాలి, చేశాడు కాదు, చేయు. చాలామంది "నిఘంటువులో లేదండీ" అనేది ఈ మెట్టు దాటకే.

ఎంట్రీ దొరికాక అర్థం దగ్గరికి పరిగెత్తకుండా పదం పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న గుర్తులు చూడాలి. శబ్దరత్నాకరం లాంటి నిఘంటువుల్లో సం. అంటే సంస్కృత పదం, దే. అంటే దేశ్యం, వై. అంటే వైకృతం, అంటే సంస్కృతం నుంచి మారి వచ్చిన తెలుగు రూపం. వాటి తర్వాత వి. అంటే విశేష్యం, అంటే నామవాచకం, విణ. అంటే విశేషణం. బ్రౌన్ నిఘంటువులో అయితే ఇదే సంగతి `[Skt.]`, `[Tel.]`, `[H.]` అని చదరపు బ్రాకెట్లలో కనిపిస్తుంది, చివరిది హిందుస్తానీ నుంచి వచ్చినవాటికి.

ఇప్పుడు మన జంట. రెండూ సంస్కృత పదాలే, కాబట్టి పుట్టుక చెప్పే గుర్తు ఇక్కడ ఏమీ తేల్చదు. తేల్చేది దాని పక్కది. ప్రదానం నామవాచకం, ఇవ్వడం అనే పని పేరు. ప్రధానం ఎక్కువగా విశేషణంగా నడిచే మాట, ముఖ్యమైనది అని. ఇక వాక్యంలోకి వెళ్లి, ఆ ఖాళీలో పని పేరు కావాలా, ఇంకో మాటని వర్ణించే మాట కావాలా అని చూసుకోవాలి. "ముఖ్య అతిథి చేతుల మీదుగా బహుమతి ___". అక్కడ ఒక పని జరుగుతోంది, చేతులు మారుతున్నాయి. కాబట్టి ప్రదానం. "ప్రధానోపాధ్యాయుడు" అన్నప్పుడు ఉపాధ్యాయుడిని వర్ణిస్తున్నాం, కాబట్టి ప్రధాన. అదే కార్డులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని చూపు రెండోదాని మీద పడి చెడిపోతుందని నా అనుమానం.

అయితే ఆ అబ్బాయి వెంటనే ప్రధానోత్సవం అన్నచోటల్లా ప్రదానోత్సవం అని ఒకేసారి మార్చేస్తానన్నాడు. వద్దన్నాను. సింహాచలంలో వైశాఖ శుద్ధ తదియనాటి చందనోత్సవం గురించి ఎవరైనా "అప్పన్న ప్రధానోత్సవం" అని రాస్తే అది సరైనదే, ముఖ్యమైన ఉత్సవం అని. అలాగే క్రైస్తవ కుటుంబాల కార్డుల్లో నిశ్చితార్థాన్ని ప్రధానం అనే వేస్తారు, ప్రధానపు ఉంగరం అంటారు, తెలుగు బైబిల్లో మరియ గురించి కూడా "ప్రధానము చేయబడిన" అనే ఉంటుంది. అక్కడ అది నామవాచకమే! అంటే గుర్తు చూసి ఆగిపోతే ఇలాంటి చోట బోల్తా పడతాం, ఎంట్రీ చివరిదాకా చదవాలి. ఒక పదానికి రెండు మూడు వేర్వేరు జీవితాలు ఉంటే వాటిలో మన కార్డు దేనికి చెందుతుందో తేల్చుకోవాలి. ఈ జంటకి అన్నీ ఒకేసారి మార్చే బటన్ నొక్కకండి, ఒక్కొక్కటీ ఆగి చూసి మార్చండి.

పుట్టుక గుర్తు బాగా పనికొచ్చే చోటు వేరే ఉంది. సహాయం, సాయం. రెండూ స్పెల్‌చెకర్‌కి ఇష్టమే, అర్థం కూడా ఒకటే, అయినా ఎక్కడ పడితే అక్కడ మార్చుకోలేం. సహాయం సంస్కృతం, సాయం దాని వికృతి. వార్తలో "బాధితులకు సాయం" చక్కగా ఉంటుంది, నోటికి దగ్గరగా ఉంటుంది. అదే నిధి, సంఘం లాంటి సంస్కృత పదాల ముందు సమాసంగా వచ్చేటప్పుడు సహాయ నిధి అంటాం గానీ సాయ నిధి అనం. "ముఖ్యమంత్రి సహాయ నిధి" అన్న పేరే చూడండి. వై. అన్న గుర్తు కనిపిస్తే నేను ఆ పదాన్ని విడిగా నిలబడే చోట ఉంచుతాను, సంస్కృత సమాసం మధ్యలో మాత్రం సం. రూపానికి మారుస్తాను. పైగా సాయము అని వెతికితే సాయంకాలం తాలూకు సంస్కృత పదం కూడా ఎదురవుతుంది, అది వేరే మాట. దాని పక్కనున్న సం. చూసి "సాయం కూడా సంస్కృతమే కదా" అని వాదించినవాళ్లున్నారు. వాళ్లు చూసిన ఎంట్రీ వేరు.

గుర్తులు అసలు పనికిరాని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే ఇది సమీక్ష కాదు.

అర్ధరాత్రి, అర్థరాత్రి. అర్థము, అర్ధము రెండిటికీ సం. ఉంటుంది, రెండూ నామవాచకాలే. ఇక్కడ గుర్తుల మీద ఆశ వదిలేసి నేరుగా అర్థంలోకి వెళ్లాలి. ఒకటి భావం, ధనం. రెండోది సగం. రాత్రిలో సగం కాబట్టి అర్ధరాత్రి, ధనం సంగతి కాబట్టి ఆర్థిక. ఈ జంటకి ఇంకో చిక్కుంది, చూపుది. ధకీ థకీ తేడా లోపలి చుక్క ఒక్కటే, అదీ వత్తుగా కిందికి వెళ్లాక చిన్న సైజులో ఇంకు నిండి మూసుకుపోతుంది. నేను తెర మీద రెండింతలు పెద్దది చేసి చూస్తాను, కాగితం ప్రూఫు మీద నమ్మను.

రెండోది, క్రియారూపాలు. చేశాడు, చేసాడు, రెండూ గీత లేకుండా వెళ్లిపోతాయి. నిఘంటువులో ఉండేది చేయు. దాని గుర్తులు ఎంత చదివినా శ, స తగవు తీరదు. మా ఉత్తరాంధ్ర నోట్లో "చేసేడు", "వచ్చేడు" కూడా ఉన్నాయి, కథల సంభాషణల్లో వస్తే నేను ముట్టుకోను. వ్యాసాల్లో, కార్డుల్లో మాత్రం చేశాడు, రాశాడు అని ఒకే పద్ధతి పెట్టుకుని ప్రెస్సులో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాం. ఇది నిఘంటువు చెప్పే విషయం కాదు, మనం తేల్చుకోవాల్సింది.

మూడోది నిఘంటువు వయసు. శబ్దరత్నాకరం 1885 నాటిది, కావ్యభాష కోసం కట్టింది. అందులో లేని మాట తప్పు కాదు, ఉన్న మాట ఈ రోజు కార్డులో వేయదగ్గదీ కాదు. ఈ సంగతి తేల్చుకోవడానికి గ్విన్ నిఘంటువు, 1991 నాటిది, నాకు బాగా కలిసొచ్చింది. ఇప్పుడు వాడుకలో లేని గ్రాంథిక పదాల పక్కన అందులో `class.` అని ఉంటుంది. రెండు రూపాల్లో ఒకదానికి ఆ గుర్తు ఉండి రెండోదానికి లేకపోతే, పద్యమో శుభలేఖలో శ్లోకమో కాకపోతే, నేను లేనిదే తీసుకుంటాను. పాత నిఘంటువు పుట్టుక చెప్తుంది, గ్విన్ వాడుక చెప్తుంది. రెండూ చూడకుండా ఒక్కదాని మీదే తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

ఒకసారి తేల్చుకున్నది మళ్లీ మళ్లీ వెతక్కుండా లిబ్రేఆఫీస్‌లో ఒక సదుపాయం ఉంది, దాన్ని మా చుట్టుపక్కల ప్రెస్సుల్లో ఎవరూ వాడటం చూడలేదు. `Tools`లో `Options`, అందులో భాషల విభాగం కింద `Writing Aids`. అక్కడ `New` నొక్కి కొత్త నిఘంటువు చేస్తూ `Exception (-)` దగ్గర టిక్ పెట్టాలి. తర్వాత ఆ నిఘంటువుని ఎంచుకుని `Edit` నొక్కి పదాలు వేయాలి. ఇందులో వేసిన పదం అసలు జాబితాలో ఉన్నా సరే, ఎర్రగీత వస్తుంది. పక్కన `Replace By` గడిలో సరైన రూపం రాసిపెడితే సూచనగా అదే చూపిస్తుంది. నాది అర్థరాత్రితో మొదలైంది, తర్వాత ప్రధమ చేర్చాను, ప్రథమ అని సూచన పెట్టి. ఏ వాక్యంలోనూ సరికాని రూపాలే ఇందులో వేయాలి. ప్రధానం వేశారో, హెడ్‌మాస్టర్‌ల కార్డులన్నీ ఎర్రబడతాయి. ఇంకో మాట, ఇది పదాన్ని ఉన్నదున్నట్టే పోల్చుకుంటుంది, అర్థరాత్రి అని వేస్తే అర్థరాత్రికి, అర్థరాత్రిలో పట్టుకోదు. విభక్తులతో ఎక్కువగా వచ్చేవి విడిగా చేర్చుకోవాల్సిందే.