వినికిడి యంత్రంలో ఫోన్ ధ్వని: రెండేళ్ల వాడకం తర్వాత

రెండేళ్లుగా నేను రెండు చెవులకూ వినికిడి యంత్రాలు వాడుతున్నాను. అంతకుముందు మామూలు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వాడేవాణ్ణి. రెండూ ఫోన్ ధ్వనిని బ్లూటూత్ ద్వారా చెవికి చేర్చేవే కనుక అనుభవం కూడా ఒకటే ఉంటుందనుకున్నాను. అది పొరపాటని మొదటి వారంలోనే తెలిసింది.

నాకు తగ్గింది ప్రధానంగా హెచ్చు పౌనఃపున్యాల వినికిడి, అంటే హల్లులను పోల్చుకోవడానికి కావలసిన సన్నని ధ్వనులు. ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఎంత పెంచినా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది "కప్పు"నో "పప్పు"నో పోల్చుకోలేకపోయేవాణ్ణి, ఎందుకంటే అచ్చులూ హల్లులూ ఒకే మేరకు పెరిగేవి. వినికిడి యంత్రమైతే ఆడియాలజిస్ట్ నా వినికిడి పరీక్ష పటమైన ఆడియోగ్రామ్‌ను బట్టి అమర్చిన లెక్క ప్రకారం, నాకు ఎక్కడ తగ్గిందో అక్కడే ఫోన్ ధ్వనిని పెంచుతుంది. మాట విషయంలో ఈ తేడా చాలా పెద్దది.

పాట విషయం వేరు. నా యంత్రం చివర, చెవి లోపల కూర్చునే మెత్తని సిలికాన్ మొనకు, అంటే డోమ్‌కు, రంధ్రాలున్నాయి. తబలా, డోలు వంటి వాటి మంద్రధ్వని ఆ రంధ్రాల గుండా బయటికి పోయి, పాట పలుచగా వినిపిస్తుంది. మీ యంత్రంలోనూ ఇదే జరుగుతోందా అని తెలుసుకోవాలంటే, పాట మోగుతుండగా చెవి ద్వారాన్ని వేలితో మెల్లగా మూసి చూడండి. మంద్రం వెంటనే పెరిగితే కారణం డోమే. అవే రంధ్రాల గుండా బయటి శబ్దమూ లోపలికి వస్తుంది. హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో ఫోన్‌లోని యంత్రం యాప్‌లో దాని మైకులను పూర్తిగా తగ్గించినా ఇంజిన్ హోరు తగ్గలేదు, ఎందుకంటే అది మైకు ద్వారా కాక నేరుగా చెవిలోకి వస్తోంది.

ఆడియాలజిస్ట్‌ను అడిగి పది రోజులు మూసిన డోమ్ పెట్టించుకున్నాను. పాట నిండుగా వినిపించింది గాని, నా గొంతు నాకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగింది. సంక్రాంతికి సకినం కొరికితే ఆ చప్పుడులో పక్కవారి మాట మునిగిపోయింది. మళ్లీ రంధ్రాల డోమ్‌కే వచ్చాను. రోజంతా చెవిలో ఉండవలసిన వస్తువుకు అదే సరైనదని నా అభిప్రాయం. పాటలకు, బస్సు ప్రయాణానికి రబ్బరు మొనల ఇయర్‌బడ్స్ విడిగా ఉంచుకున్నాను.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఫోన్ మాట్లాడటం. మొదటి రోజుల్లో ఫోన్ సంచిలో పెట్టి మాట్లాడితే నాకు అంతా స్పష్టంగా వినిపించేది, అవతలివారు మాత్రం "వినబడుతలేదు నాయినా" అనేవారు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఆషా అనే పద్ధతిలో నా యంత్రం ఫోన్‌కు కలుస్తుంది. అందులో ధ్వని ఫోన్ నుంచి చెవికి మాత్రమే ప్రయాణిస్తుంది, మన గొంతును ఫోన్ మైకే అందుకోవాలి. ఇయర్‌బడ్స్‌లోనైతే ఆ పని వాటి సొంత మైకు చేస్తుంది. కొన్ని యంత్రాలు గొంతును కూడా పంపగలవు కనుక, కొనేముందు దుకాణంలోనే ఫోన్‌ను దూరంగా బల్లపై పెట్టి, ఇంట్లోవారికి ఒక కాల్ చేసి చూడాలి.