రైల్వే మ్యాథ్స్ వీడియో సిరీస్: 14 నెలలు వాడాక చెబుతున్నా

ఈ సిరీస్ చేసిన సార్ పేరు రాయను. మంచి ఎంత చెబుతానో తిట్టడం కూడా అంతే ఉంటుంది, పైగా ఆయన దగ్గర చదివినవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది. మా జిల్లా కేంద్రంలో చిన్న కోచింగ్ సెంటర్ నడుపుతారు, రైల్వే ఎన్టీపీసీ, గ్రూప్-డి రాసేవాళ్లకి అర్థమెటిక్ చెబుతారు. నేనేమో తెలుగు మీడియంలో డిగ్రీ చేసి మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించాక మిగిలే గంటన్నరలోనే నా చదువంతా. కాబట్టి క్లాసుకి వెళ్లే ప్రశ్నే లేదు, వీడియోలే గతి.

2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. అప్పటికి ఆయన దగ్గర ఉన్నది సిరీస్ కాదు, క్లాసులో వెనక గోడ దగ్గర ఫోన్ నిలబెట్టి తీసిన రికార్డింగులు. ఒక్కోటి రెండు గంటల పైమాటే. బోర్డు మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి మధ్యలో ఒక తెల్లటి పట్టీ, సరిగ్గా భిన్నం హారం ఉండే చోట. సార్ బోర్డు వైపు తిరిగితే మాట వినిపించేది కాదు, ఇటు తిరిగితే ఫ్యాన్ చప్పుడు. మొదటి పదకొండు క్లాసులూ సంఖ్యామానమే. క్లాసులో కూర్చున్నవాడు పక్కవాణ్ణి చూసి అయినా భరిస్తాడేమో గానీ ఒంటరిగా ఫోన్ ముందు కూర్చున్నవాడు నాలుగో రోజుకే మానేస్తాడు. నేను ఆరో దాకా వెళ్లాను, అది కూడా షాపులో అప్పుడప్పుడూ చెవిలో పెట్టుకుని.

ఆగస్టులో ఆయన వాటన్నిటినీ పక్కన పడేసి మళ్లీ తీశారు. ఫోన్ ఎత్తు పెంచి, ట్యూబ్‌లైట్ జరిపి, కాలర్‌కి చిన్న మైకు పెట్టుకున్నారు. అది చిన్న మార్పు. అసలు పెద్ద మార్పు వరస. క్లాసులో సిలబస్ కాగితం మీద ఉన్న వరసలో చెబుతారు కదా, సిరీస్‌లో శాతాలు ముందుకి తెచ్చారు. శాతాలు వస్తేనే లాభనష్టాలు, రాయితీ, బారువడ్డీ, చక్రవడ్డీ కదులుతాయి. అందుకని ముందు ఒక వారం పాటు 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 16⅔ శాతం అంటే ఆరో వంతు అని నోటికి వచ్చేదాకా తిప్పించి, తర్వాత ఆ గుంపంతా వరసగా పెట్టారు. సంఖ్యామానం మధ్యలో ఎక్కడో ముక్కలుగా వస్తుంది, అవసరమైన చోట. నాకు ఈ ఒక్క మార్పే డబ్బుకి సరిపోయింది. (తొలి ఆరు చాప్టర్లు ఉచితం, మిగతాదానికి 1,200 కట్టాను.)

ఒక్కో చాప్టర్‌కి మూడు రకాల వీడియోలు. మొదటిది 20 నిమిషాల లోపు, విషయం ఏమిటో చెబుతుంది. రెండోదాంట్లో మోడల్ లెక్కలు. మూడోది పాత పేపర్ల ప్రశ్నలు. ప్రతి లెక్కకీ ముందు ప్రశ్న మాత్రం తెర మీద 40 సెకన్లు నిలబడుతుంది, మూలన అంకెలు తగ్గుతుంటాయి, సార్ మాట్లాడరు. మొదట్లో విసుగొచ్చి ముందుకి జరిపేసేవాణ్ణి. ఎన్టీపీసీ మొదటి దశ కంప్యూటర్ పరీక్ష సీబీటీ-1లో 90 నిమిషాలకి 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 54 సెకన్లు, జీకే తొందరగా అయిపోతే లెక్కలకి కాస్త ఎక్కువ మిగులుతుంది. ఆ 40 సెకన్లూ పెన్ను పట్టుకుని కూర్చోకపోతే వీడియో చూసినట్టే గానీ లెక్క చేసినట్టు కాదు అని అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒకటిన్నర వేగంతో చూడటం కూడా మానుకోండి. నోట్సు వేగంగా నిండుతుంది, బుర్రలో ఏమీ ఉండదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది కదా. అసలు గొడవ అక్టోబరులో తెలిసింది. సెప్టెంబరులో నోటిఫికేషన్ వచ్చాక టెన్షన్‌తో మాక్ టెస్టులు మొదలుపెట్టాను. అప్పటికి పది చాప్టర్లు పూర్తి, వీడియో చూస్తుంటే ప్రతి లెక్కా నాకు వచ్చేసినట్టే ఉండేది. మొదటి మాక్‌లో మ్యాథ్స్ 30కి 11. రెండోదాంట్లో 12. తప్పులు చూస్తే తెలియని లెక్కలు కావు, తెలిసినవే.

కారణం నాకు పాత రికార్డింగు ఒకటి తీసి చూస్తే దొరికింది. కొత్త సిరీస్‌లో సార్ క్లాసు గోల మొత్తం కత్తిరించేశారు. గోలతో పాటు పిల్లలు చెప్పే తప్పు జవాబులు కూడా పోయాయి. క్లాసులో అయితే సార్ ప్రశ్న రాయగానే నలుగురు నాలుగు జవాబులు అరుస్తారు, ఆయన ఒక్కొక్కరినీ లేపి "ఎలా వచ్చింది చెప్పు" అంటారు. వీడియోలో సార్ ఒక్కరే ఉంటారు, ఆయన ఎప్పుడూ తప్పు చేయరు. ఆయన వెనకే నడిస్తే మనమూ ఎక్కడా తడబడం. తడబడే చోటు ఎక్కడుందో మాత్రం తెలియదు.

ఉదాహరణకి పని-కాలంలో ఈ లెక్క చూడండి. రాము ఒక పనిని 12 రోజుల్లో, గోపి అదే పనిని 18 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు, పని పూర్తవడానికి 3 రోజుల ముందు రాము మానేశాడు. మొత్తం పని ఎన్ని రోజుల్లో అయింది? ఆప్షన్లు 6, 9, 10½, 13½.

పద్ధతి తేలికే. 12, 18 ల క.సా.గు 36, కాబట్టి మొత్తం పని 36 భాగాలనుకుంటే రాము రోజుకి 3, గోపి రోజుకి 2 చేస్తారు. చివరి 3 రోజులూ గోపి ఒక్కడే కాబట్టి అతను చేసింది 6 భాగాలు. మిగిలిన 30 ఇద్దరూ కలిసి రోజుకి 5 చొప్పున 6 రోజుల్లో చేశారు. ఆరూ మూడూ తొమ్మిది. కావాలంటే సరిచూసుకోండి, రాము 6 రోజుల్లో 18, గోపి 9 రోజుల్లో 18, మొత్తం 36.

సిరీస్ వీడియోలో ఇది నాలుగు నిమిషాల్లో అయిపోయింది, నేను తల ఊపి ముందుకెళ్లాను. అదే లెక్క అంకెలు మార్చి మాక్‌లో వస్తే తప్పు పెట్టాను. పాత రికార్డింగులో ఏం జరిగిందంటే, వెనక బెంచీ అబ్బాయి "పదమూడున్నర సార్" అన్నాడు. లేపి అడిగితే, మూడు రోజులు ఇద్దరూ చేస్తే 15, మిగిలిన 21 గోపి ఒక్కడే రెండు చొప్పున పదిన్నర రోజులు, మొత్తం పదమూడున్నర అన్నాడు. లెక్కలో ఒక్క తప్పు లేదు, కానీ అతను చేసింది "3 రోజుల తర్వాత మానేస్తే" అనే ప్రశ్న. ఇంకో అమ్మాయి 10½ అంది, ఆమె అదే దారిలో వెళ్లి మొదటి మూడు రోజులు కలపడం మరిచిపోయింది. మరొకరు 6 అన్నారు, అది ఇద్దరూ కలిసి చేసిన రోజులు మాత్రమే. అంటే ఆప్షన్లలో ఉన్న మూడు తప్పు జవాబులూ ఊరికే పెట్టినవి కావు, ఒక్కోటీ ఒక్కో తప్పు దారిలో పోయినవాడి కోసం సిద్ధంగా పెట్టి ఉంచారు. మన జవాబు ఆప్షన్లలో కనిపించింది కదా అని సంబరపడి టిక్కు పెట్టేస్తాం, మూడు తప్పులకి ఒక మార్కు పోతుంది.

నేను మాక్‌లో చేసింది ఆ పదమూడున్నర అబ్బాయి తప్పే.

ఈ విషయం సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. మొదట ఆయనకి నచ్చలేదు. "క్లాసు గోల తీసేయమని మీరే కదరా గోల పెట్టారు" అన్నారు. నిజమే, నేనూ పెట్టాను. "గోల వద్దు సార్, తప్పులు కావాలి" అన్నాను. నాలాగే ఇంకెంతమంది అడిగారో తెలియదు గానీ డిసెంబరు నుంచి చాప్టర్‌కి నాలుగో వీడియో కలిపారు, పావుగంట, దానికి ఆయన పెట్టిన పేరు "తప్పుల వీడియో". పాత రికార్డింగుల్లోంచి పిల్లల జవాబుల ముక్కలు కోసి, ముఖాలు కనబడకుండా గొంతులు మాత్రం ఉంచి, ఒక్కో తప్పు ఏ ఆప్షన్‌కి చేరుతుందో బోర్డు మీద గీసి చూపిస్తారు. నా మాటలో ఈ సిరీస్ మొత్తంలో కొనదగ్గవి ఇవే. లాభనష్టాల్లో 20 శాతం పెంచి 10 శాతం రాయితీ ఇస్తే లాభం 8 శాతమే అవుతుంది గానీ 10 కాదు అన్నది నాకు పుస్తకం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఒకమ్మాయి "ఇరవైలోంచి పది తీసేస్తే పదే కద్సార్" అన్న గొంతు విన్నాక మాత్రం మరిచిపోలేదు. రాయితీ పెరిగిన 120 మీద పడి 12 పోతుంది, చేతికొచ్చేది 108.

వాడే పద్ధతి కూడా మార్చాను. ముందు మూడో వీడియో పెట్టి పాత ప్రశ్నలు పది చేసేస్తాను, తప్పు చేసినచోట తప్పుల వీడియో, అప్పటికీ తేలకపోతేనే మొదటిది. సార్ చెప్పిన వరసకి పూర్తిగా తలకిందులు. చాప్టర్ అసలే తెలియనివాళ్లకి ఇది పనికిరాదు, ఒకసారి చదివి మరిచిపోయినవాళ్లకి బాగా పనికొస్తుంది.

ఇక లోపాలు. జ్యామితి, క్షేత్రమితి హడావిడిగా చుట్టేశారు, బొమ్మలు చేత్తో వంకరగా గీసి ఏది లంబమో ఏది కాదో చెప్పకుండా వెళ్లిపోతారు. వాటికి తప్పుల వీడియో లేదు, బహుశా క్లాసులో కూడా అవి చివరి రోజుల్లో చెబుతారు కాబట్టి రికార్డింగులే తక్కువేమో. చాప్టర్ చివర ఇచ్చే 25 ప్రశ్నల టెస్టులో టైమూ లేదు, నెగెటివ్ మార్కులూ లెక్కించరు, దాంతో 25కి 19 వచ్చిందని మురిసిపోతే అది ఉత్త అబద్ధం. నేను ఫోన్‌లో 20 నిమిషాలు పెట్టుకుని, తప్పుకి మూడో వంతు నేనే తీసేసుకునేవాణ్ణి. పడవలు-ప్రవాహాల చాప్టర్‌లో ఒక లెక్క జవాబు తప్పు, చెప్పి ఐదు నెలలైనా వీడియో మార్చలేదు, కింద వివరణలో ఒక లైను రాసి వదిలేశారు. ఆ లైను ఎవరు చదువుతారు చెప్పండి.

మాటల విషయం మాత్రం మెచ్చుకోవాలి. క్లాసులో సార్ ఎల్‌సీఎం, సీపీ, ఎస్పీ అంటారు. పరీక్షలో తెలుగు ఎంచుకుంటే క.సా.గు, కొన్న ధర, అమ్మిన ధర అని వస్తాయి, ఒక్కోసారి ఆ అనువాదం అసలు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంటుంది. సిరీస్‌లో రెండు మాటలూ పక్కపక్కన రాస్తారు. తెలుగు వాక్యం తేడాగా అనిపిస్తే ఇంగ్లీషు వాక్యం కూడా చూడమని ఆయన ఒకటికి పదిసార్లు అన్నారు, 2025 జూన్‌లో పరీక్ష హాల్లో రెండు ప్రశ్నలకి అదే పనికొచ్చింది.

ఆ సీబీటీ-1లో నేను మ్యాథ్స్ 26 పెట్టాను, కీ చూసుకుంటే 22 ఒప్పు, 4 తప్పు, అంటే 20.67. జీకే 40 ప్రశ్నల్లో మునిగిపోయాను, అది వేరే కథ, దానికి ఈ సార్‌ని అనడానికి లేదు.

కొనేముందు పని-కాలం తప్పుల వీడియో చూడండి, ఉచితంగా పెట్టిన చాప్టర్లలోనే ఉంది. పైన నేను రాసిన లెక్క వదిలేసి, అంకెలు మార్చి వచ్చే మొదటి లెక్క పెన్నుతో చేయండి. వెనక బెంచీ గొంతు చెప్పే జవాబూ మీ కాగితం మీద జవాబూ ఒకటే అయితే 1,200 కట్టండి. వేరైతే మీకు జ్యామితి చెప్పేవాళ్లు కావాలి, ఈయన కాదు.