ఐస్‌గేట్ వాడకం: తొలి కంటెయినర్ పంపేవాళ్లకు క్లియరింగ్ ఏజెంటు సమీక్ష

ఎగుమతి కాగితాలకు కస్టమ్స్ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్ మంచి పనిముట్టు. ఎగుమతికి కస్టమ్స్ దగ్గర వేసే పత్రం షిప్పింగ్ బిల్లు, అది ఎక్కడిదాకా వచ్చిందో అమలాపురంలో కూర్చునే చూసుకోవచ్చు. కానీ కొన్ని తప్పుల్ని అప్పటికప్పుడు పట్టుకోదు. సరుకు ఓడెక్కి, పన్ను రిఫండ్ ఆగాక గానీ బయటపడవు. తొలిసారి పంపేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ముందు ఐఈసీ, బ్యాంకు సంగతి. ఐఈసీ అంటే ఎగుమతి, దిగుమతిదారుకు విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ ఇచ్చే కోడ్, అది పాన్ మీద వస్తుంది, ఫీజు 500 రూపాయలు. దాన్ని ఏటా ఏప్రిల్, జూన్ మధ్య డీజీఎఫ్‌టీ సైటులో ఒకసారి అప్‌డేట్ చేయాలి, మార్పేమీ లేకపోయినా సరే. తర్వాత విదేశీ మారకం చూసే మీ బ్యాంకు శాఖను గుర్తించే ఏడీ కోడ్ లెటర్ ఆ బ్యాంకు నుంచి తీసుకుని, సరుకు ఏ రేవు నుంచి పోతుందో ఆ రేవుకు నమోదు చేయించాలి. కాకినాడకు `INKAK1`, విశాఖకు `INVTZ1`. కాకినాడ అనుకుని నమోదు చేయించి, కంటెయినర్ బుకింగ్ మాత్రం విశాఖలో దొరికితే, అక్కడ షిప్పింగ్ బిల్లు వేయడానికి మళ్లీ నమోదు కావాలి. అందుకే బుకింగ్ ఖాయం కాకముందే, కనీసం వారం ముందుగా రెండింటికీ పెట్టుకోవడం మేలు. ఏడీ కోడ్ విదేశీ డబ్బు వచ్చే దారి. రిఫండు, ఎగుమతి సరుకు తయారీలో కట్టిన సుంకం తిరిగిచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ పడే ఖాతాను విడిగా నమోదు చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచేవాళ్లు చాలామంది.

ఇక అసలు చిక్కు, ఇన్‌వాయిస్ నంబరు. కొబ్బరి పీచు మ్యాట్లు 8,00,000 రూపాయల విలువకు పంపారనుకుందాం. 5 శాతం చొప్పున ఐజీఎస్టీ 40,000 కట్టారు, అది వెనక్కి రావాలి. దీనికి వేరే దరఖాస్తు లేదు, షిప్పింగ్ బిల్లే దరఖాస్తు. అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1లోని 6ఏ పట్టికలో రాసిన ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, షిప్పింగ్ బిల్లు నంబరు, రేవు కోడ్ కస్టమ్స్ దగ్గరున్న వాటితో కలవాలి. మీ జీఎస్టీ ఇన్‌వాయిస్ మీద `KM/007` ఉంది, విదేశీ కొనుగోలుదారుకు పంపిన కమర్షియల్ ఇన్‌వాయిస్ మీద `KM-07` ఉంది. ఏజెంటుకు రెండోది పంపారు, షిప్పింగ్ బిల్లులో అదే ఎక్కింది. మనిషి చూస్తే రెండూ ఒకటే. కంప్యూటరుకు కాదు. ఐస్‌గేట్‌లో స్థితి చూస్తే ఇన్‌వాయిస్ కలవలేదని చెప్పే `SB005` కనిపిస్తుంది, 40,000 అక్కడే ఆగుతుంది.

జీఎస్టీఆర్-1లో తప్పు పడితే తర్వాతి నెల 9ఏ పట్టికలో దిద్దుకోవచ్చు. షిప్పింగ్ బిల్లులో తప్పు పడితే కష్టం. రెండు ఇన్‌వాయిస్‌లనూ పక్కపక్కన చూపే కన్‌కార్డెన్స్ పట్టిక కస్టమ్స్ అధికారికి ఇచ్చి, బిల్లుకు 1,000 రూపాయల ఫీజు కట్టి, దిద్దించుకోవాలి. అందుకే రెండు ఇన్‌వాయిస్‌లకూ ఒకే నంబరు పెట్టండి. బిల్లు దాఖలు చేసే ముందు ఏజెంటు చెక్‌లిస్ట్ పంపిస్తాడు. దాన్ని ఫోన్‌లో పైపైన చూసి "ఓకే" అనకండి. ప్రింటు తీసి, అసలు ఇన్‌వాయిస్ పక్కన పెట్టి, సున్నాలూ గీతలూ ఒక్కొక్కటే వేలితో పోల్చండి. పావుగంట పని.

`SB002` వస్తే తప్పు మీది కాదు. ఓడలో వెళ్లిన సరుకుల జాబితా ఈజీఎంను ఓడ కంపెనీ ఇంకా వేయలేదని అర్థం, వాళ్లను ఏజెంటు ద్వారా అడిగించండి. మొదటి ఒకటి రెండు సరుకులకు ఐజీఎస్టీ కట్టకుండా, జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీ మీద పంపడమే మేలని నా అభిప్రాయం, ఈ మెలికే ఉండదు. ఎల్‌యూటీ మార్చి 31తో ముగుస్తుంది, ఏటా కొత్తది వేయాలి. ఇన్‌వాయిస్ తేదీ నుంచి మూడు నెలల్లో సరుకు దేశం దాటాలి.

సమయం గురించి ఒక మాట. కాగితాలు సరిగ్గా ఉండి, పరీక్ష పడకపోతే, సరుకు రేవు చేరిన రోజే ఎల్‌ఈఓ, అంటే ఎగుమతికి కస్టమ్స్ అనుమతి, రావచ్చు. కానీ ఓడ కటాఫ్, అంటే సరుకూ కాగితాలూ అందాల్సిన గడువు, ఓడ బయలుదేరడానికి ముందే ముగుస్తుంది. వీజీఎం, అంటే సరుకుతో నిండిన కంటెయినర్ బరువు, కటాఫ్‌లోగా అందకపోతే ఓడ ఎక్కించరు. చెక్క ప్యాలెట్ల మీద వేడితో శుద్ధి చేసినట్టు ముద్ర ఉందో లేదో లారీ ఎక్కించేటప్పుడే చూడండి. లేకపోతే అవతలి దేశపు రేవులో ఆపుతారు.

ఖర్చు లెక్క రెండు భాగాలుగా అడగండి. ఏజెంటు సేవ ఒకటి, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఓడ కంపెనీ, టెర్మినల్, రేవు దగ్గర సరుకు నిల్వ చేసి కంటెయినర్‌లో నింపే సీఎఫ్‌ఎస్ వసూలు చేసేవి ఇంకొకటి, వీటికి రసీదులు ఇవ్వాలి. "అన్నీ కలిపి ఇంత" అనే కొటేషన్‌లో, కంటెయినర్ గడువు దాటితే పడే రోజువారీ డిటెన్షన్ ఎవరు కడతారో రాసి ఉండదు. ఆ ఒక్క వాక్యం రాయించుకున్నాకే బుకింగ్ ఖాయం చేయండి.